ఫోన్ ఆన్ కావట్లేదు, ఛార్జింగ్ గుర్తూ రావట్లేదు: రిపేర్‌కి ఇచ్చే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

రాత్రి బాగానే ఉంది, పొద్దున్నే నల్లగా పడి ఉంది. ఛార్జర్ పెట్టినా ఏమీ కనిపించట్లేదు. ఇక ఫోన్ పోయినట్టేనా?

చాలాసార్లు కాదు. నేను కొన్నేళ్ళుగా రిపేర్ బెంచ్ మీద కూర్చుంటున్నాను. "పూర్తిగా డెడ్ అండీ" అంటూ తెచ్చిన ఫోన్లలో కొన్ని విప్పకుండానే లేచి కూర్చోవడం చూశాను. స్క్రీన్ నల్లగా ఉందంటే చాలావరకు దాని వెనక మూడు సంగతుల్లో ఏదో ఒకటి ఉంటుంది. కరెంటు అసలు ఫోన్ లోపలికి వెళ్ళకపోవచ్చు. వెళ్తున్నా బ్యాటరీ మరీ అడుగంటిపోయి, గుర్తు చూపించే శక్తి కూడా లేకపోవచ్చు. లేదా ఫోన్ లోపల బాగానే నడుస్తూ, స్క్రీన్ మాత్రమే పోయి ఉండవచ్చు. ఈ మూడూ కాకపోతే అప్పుడు ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డు మీద అనుమానం. మీ ఫోన్ ఈ మూడింటిలో ఎక్కడుందో తేల్చుకోవడమే కింద రాసినదంతా.

ఛార్జింగ్ పెట్టే ముందే చూడాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, వేలితో ఒక మూల తట్టండి. బొంగరంలా ఊగుతున్నా, స్క్రీన్ ఒక పక్క ఫ్రేమ్ నుంచి పైకి లేచినా, వెనక మూత ఉబ్బినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ఇక ఛార్జర్ దగ్గరికి తీసుకెళ్ళకండి. లేచిన మూతని నొక్కి సరిచేద్దామని కూడా అనుకోవద్దు. నొక్కితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంట రావచ్చు. పరుపు మీదో సోఫా మీదో కాకుండా అంటుకోని చోట పెట్టి, నేరుగా రిపేర్‌కి తీసుకెళ్ళండి.

ఫోన్ ఈమధ్యే తడిసి ఉంటే కూడా ఛార్జింగ్ పెట్టొద్దు. దాని గురించి కింద విడిగా చెప్తాను.

ఫోన్ ఆగిపోయిందా, స్క్రీన్ ఒక్కటే పోయిందా? ఎలా తెలుస్తుంది?

ఇంకో ఫోన్ నుంచి మీ నంబరుకి కాల్ చేయండి. "స్విచ్ ఆఫ్ చేసి ఉంది" అనో "అందుబాటులో లేదు" అనో వినపడితే ఫోన్ ఆగి ఉన్నట్టే అనుకోవచ్చు. అవతల రింగ్ వెళ్తూ, మీ చేతిలో ఫోన్ మోగుతున్నా, వణుకుతున్నా ప్రాణం ఉన్నట్టే, పోయింది స్క్రీన్. రింగ్ వెళ్తున్నా చేతిలో చప్పుడు లేకపోతే సైలెంట్‌లో ఉందేమో. పక్కన సైలెంట్ మీట ఉన్న ఫోనైతే దాన్ని అటూ ఇటూ కదపండి, వైబ్రేషన్ తెలుస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష. చీకటి గదిలో వేరే ఫోన్ టార్చ్‌ని ఏటవాలుగా స్క్రీన్ మీద కొట్టి చూడండి. ఎల్‌సీడీ స్క్రీన్లలో వెనక లైటు మాత్రమే పోతే బొమ్మ లీలగా కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీ స్క్రీన్లలో వెనక లైటంటూ ఉండదు కాబట్టి వాటికి ఈ పరీక్ష పనిచేయదు.

స్క్రీనే పోయిందని తేలితే సగం టెన్షన్ తగ్గినట్టే. లోపలి ఫోటోలూ నంబర్లూ క్షేమం. డిస్‌ప్లే మారిస్తే అన్నీ ఉన్నచోటే ఉంటాయి.

పవర్ బటన్ ఎంతసేపు నొక్కినా కదలిక లేదు. వేరే పద్ధతి ఏదైనా ఉందా?

ఫోన్ ఆఫ్ అవలేదు, బిగుసుకుపోయింది అనుకోండి. అప్పుడు మామూలుగా నొక్కితే పలకదు. బలవంతంగా రీస్టార్ట్ చేయాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి 10 నుంచి 20 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కొన్నింట్లో పవర్ బటన్ ఒక్కటే 30 సెకన్లు పట్టాలి. మనం అనుకునే ఐదు సెకన్లకీ నిజం 30 సెకన్లకీ చాలా తేడా ఉంటుంది. గడియారం చూసుకుంటూ పట్టండి.

ఐఫోన్ 8, ఆ తర్వాత వచ్చినవైతే వాల్యూమ్ పెంచే బటన్ ఒకసారి నొక్కి వదలాలి, తగ్గించే బటన్ ఒకసారి నొక్కి వదలాలి, వెంటనే పక్క బటన్‌ని ఆపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి. ఐఫోన్ 7లో వాల్యూమ్ తగ్గించే బటన్, పక్క బటన్ కలిపి పట్టాలి. అంతకంటే పాతవాటిలో హోమ్ బటన్, పవర్ బటన్. ఇలా చేస్తే లోపలున్నదేమీ చెరిగిపోదు.

ఒకవేళ ఆండ్రాయిడ్‌లో ఇంగ్లీషు అక్షరాలతో ఒక మెనూ వస్తే కంగారు పడకండి, సంతోషించండి. ఫోన్ బతికే ఉంది. అందులో `Reboot system now` అన్నది ఎంచుకోండి. `Wipe data/factory reset` జోలికి మాత్రం పోవద్దు, మొత్తం తుడిచేస్తుంది.

ఛార్జర్ మంచిదే, ఇంట్లో వేరే ఫోన్‌కి బాగానే ఎక్కుతోంది. అయినా దాన్ని అనుమానించాలా?

అనుమానించాలి. అరిగిన కేబుల్ ఒక ఫోన్‌లో బిగుతుగా కూర్చుని పనిచేసి, ఇంకోదాంట్లో కాస్త వదులుగా ఉండి పనిచేయకపోవచ్చు. ముందు కేబుల్ మార్చండి, తర్వాత ఛార్జర్, తర్వాత గోడ సాకెట్. మూడూ ఒకేసారి మార్చేస్తే తప్పు ఎక్కడుందో తెలియదు. సాకెట్‌లో కరెంటు ఉందో లేదో లైటో ఫ్యానో పెట్టి చూసుకోండి. నవ్వొచ్చే మాటే గానీ, స్విచ్ వేయకుండా గంటసేపు ఎదురుచూసిన వాళ్ళని నేనెరుగుదును.

రెండు చివర్లా టైప్ సి ఉన్న కేబుల్ సంగతి కొంచెం వేరు. అలాంటి ఛార్జర్ ప్లగ్ పెట్టగానే కరెంటు వదలదు. అవతల నిజంగా ఒక పరికరం ఉందని గుర్తించాకే 5 వోల్టులు వదులుతుంది. ఆ గుర్తింపు పోర్ట్‌లోని చిన్న కాంటాక్ట్ ద్వారా జరుగుతుంది. దాని మీద మురికి పేరుకుంటే ఛార్జర్‌కి అవతల ఎవరూ లేనట్టే, కాబట్టి ఒక్క చుక్క కరెంటు కూడా వదలదు. ఆ కాంటాక్ట్ ఫోన్‌లో రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటుంది, కేబుల్ ఒక్కదాన్నే వాడుకుంటుంది. అందుకే ప్లగ్‌ని తిరగేసి పెట్టి చూడమంటాం. అది మూఢనమ్మకం కాదు.

అలాగే పాతకాలపు వెడల్పాటి యూఎస్‌బీ ఛార్జర్, దానికి తగిన కేబుల్ ఉంటే అదీ పెట్టి చూడండి. అందులో 5 వోల్టులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, గుర్తింపు కోసం ఆగవు. ఫాస్ట్ ఛార్జర్‌తో పలకని ఫోన్ కొన్నిసార్లు దీనితో కదులుతుంది.

పోర్ట్‌లో దుమ్ము ఉందేమో చూడమంటారు. పైకి శుభ్రంగానే కనిపిస్తోందే?

పైకి అలాగే కనిపిస్తుంది. జేబులో బట్ట నూలు రోజూ కొంచెం కొంచెంగా పోర్ట్‌లోకి చేరుతుంది, మనం ప్లగ్ పెట్టిన ప్రతిసారీ దాన్ని వెనక్కి కుక్కుతాం. కొన్నాళ్ళకి అది పోర్ట్ అడుగున అట్టముక్కలా గట్టిపడుతుంది. రంగు కూడా అడుగులాగే ఉండడంతో కంటికి ఆనదు.

తెలుసుకునే ఉపాయం ప్లగ్‌లోనే ఉంది. మంచి పోర్ట్‌లో ప్లగ్ చివర టక్కుమని కూర్చుంటుంది, దాని లోహపు భాగం దాదాపు కనిపించదు. చెత్త ఉంటే ఆ టక్కు ఉండదు, మెత్తగా ఆగుతుంది, లోహం మిల్లీమీటరు వరకు బయటే ఉండిపోతుంది, చిన్నగా లాగితే ఊడొస్తుంది. అదే కేబుల్‌ని ఇంకో ఫోన్‌లో పెట్టి రెండూ పక్కపక్కన చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

తీయడానికి చెక్క టూత్‌పిక్ చాలు. దాని కొసని బ్లేడుతో కాస్త పలచగా చెక్కుకోండి. కేబుల్ తీసేసి, ఫోన్‌ని పోర్ట్ కిందికి వచ్చేలా పట్టుకోండి. టైప్ సి పోర్ట్ మధ్యలో నాలుకలాంటి పలచటి పలక ఉంటుంది, కాంటాక్ట్‌లన్నీ దాని మీదే. దాన్ని ముట్టుకోకుండా, పలకకీ గోడకీ మధ్య సందులోకి పుల్ల పోనిచ్చి, అడుగు నుంచి బయటికి గీరుకుంటూ రండి. పాత ఐఫోన్లలోని లైట్నింగ్ పోర్ట్‌లో ఈ నాలుక ఉండదు, అక్కడ పని సులువు.

సూదీ, పిన్నీసూ మాత్రం వద్దు. నాలుక విరిగి, చిటికెలో అయ్యే పని పోర్ట్ మార్పిడి దాకా వెళ్ళిన సందర్భాలు చాలా ఉన్నాయి. నోటితో ఊదడం కూడా వద్దు, ఊపిరితోపాటు తేమ వెళ్తుంది.

ఎంతసేపు ఛార్జింగ్ పెట్టి చూస్తే సరిపోతుంది? పది నిమిషాలు చూశాను, ఏమీ రాలేదు.

పది నిమిషాలు చాలవు. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే.

లిథియం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 నుంచి 4.4 వోల్టుల దాకా ఉంటుంది. అది దాదాపు 3.4 వోల్టులకి దిగితే ఫోన్ సున్నా శాతం అని చెప్పి తనంతట తాను ఆగిపోతుంది. ఆగిన తర్వాత కూడా బ్యాటరీ కొద్దికొద్దిగా ఖాళీ అవుతూనే ఉంటుంది. ఒక రాత్రికి పెద్ద తేడా రాదు. సొరుగులో నాలుగైదు నెలలు పడి ఉంటే మాత్రం 3 వోల్టుల కిందికి జారిపోతుంది.

అంత అడుగంటిన బ్యాటరీకి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇస్తే అది పాడవుతుంది, ప్రమాదం కూడా. అందుకే లోపలి ఛార్జింగ్ చిప్ ముందు చుక్కచుక్కగా ఇస్తుంది. వోల్టేజ్ కాస్త పుంజుకున్నాకే అసలు ఛార్జింగ్ మొదలవుతుంది. చాలా ఫోన్లలో ఆ చుక్కల దశలో స్క్రీన్ మీద ఏమీ కనిపించదు, ఎందుకంటే స్క్రీన్ వెలిగించడానికే అంతకంటే ఎక్కువ శక్తి కావాలి. బయటి నుంచి చూస్తే ఫోన్ చచ్చినట్టే ఉంటుంది.

కాబట్టి మామూలుగా వాడుతున్న ఫోనైతే కనీసం 30 నిమిషాలు, చాలా నెలలు పక్కన పడేసిన ఫోనైతే రెండు మూడు గంటలు ఆగండి. ఆ సమయంలో రెండు నిమిషాలకోసారి పవర్ బటన్ నొక్కి చూడకండి. నొక్కిన ప్రతిసారీ ఫోన్ లేవబోయి, అప్పటిదాకా చేరిన కాస్త శక్తినీ ఖర్చు చేసుకుంటుంది. మధ్యమధ్యలో ఫోన్‌నీ ఛార్జర్‌నీ తాకి చూస్తుండండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత కాలితే తీసేయండి.

ఫోన్ మరీ చల్లగా ఉన్నా ఛార్జ్ ఎక్కదు. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు కాబట్టి ఫోనే ఆపేస్తుంది. 45 డిగ్రీలు దాటినా చాలా ఫోన్లు అదే పని చేస్తాయి. ఎండలో ఉన్న కారులోంచి తీసిన ఫోనైతే ముందు నీడలో చల్లబడనివ్వండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ పడుతుంది.

ఎదురుచూస్తున్నది దండగో కాదో ముందే తెలిసే మార్గం ఉందా?

యూఎస్‌బీ మీటర్ అని చిన్న పరికరం దొరుకుతుంది. ఛార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెడితే ఎన్ని వోల్టులు వస్తున్నాయో, ఫోన్ ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూపిస్తుంది. ఇంట్లో నాలుగు ఫోన్లున్న వాళ్ళు ఒకటి పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మా పెద్దమ్మ ఫోన్ సంగతి చెప్తాను. కొత్తది కొన్నాక పాతది ఐదు నెలలు బీరువాలో ఉండిపోయింది. మనవరాలి ఫోటోలు అందులోనే ఉన్నాయి. "ఒరేయ్, రెండు రోజులు ఛార్జింగ్ పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు" అంటూ తెచ్చింది. మీటర్ పెట్టాను. 5.08 వోల్టులు, 0.00 ఆంపియర్లు. అంటే ఛార్జర్ ఇస్తోంది, ఫోన్ తీసుకోవట్లేదు. రెండు రోజులు కాదు, రెండు నెలలు పెట్టినా ఇంతే. ప్లగ్ చూస్తే టక్కుమని కూర్చోవట్లేదు. టూత్‌పిక్‌తో గీరితే కందిగింజంత నూలు ఉండ బయటికి వచ్చింది.

మళ్ళీ పెట్టాను, 0.06. స్క్రీన్ మీద ఇంకా ఏమీ లేదు, పెద్దమ్మ ముఖంలో ఆశ కూడా లేదు. కానీ నాకు ఆ 0.06 చాలు. అది చుక్కల దశ. ఇద్దరం టీ తాగి వచ్చేసరికి, సుమారు 20 నిమిషాలకి, అంకె ఒక్కసారిగా 0.45కి ఎగిరింది. ఇంకాసేపటికి ఖాళీ బ్యాటరీ బొమ్మ కనిపించింది. ఆ తర్వాత 1.3 దగ్గర నిలకడగా లాగింది.

మీరూ అంకెల్ని ఇలాగే చదువుకోవచ్చు. కచ్చితంగా సున్నా అయితే కేబుల్, పోర్ట్, లేదా పోర్ట్ నుంచి లోపలికి వెళ్ళే దారి. సున్నాకి కాస్త పైన నిలబడితే ఓపిక పట్టండి. గంటలు గడిచినా అదే అంకె దగ్గర ఉండిపోతే బ్యాటరీ పోయి ఉండొచ్చు. అంకె పెద్దగా ఉండి, వోల్టేజ్ 5 నుంచి బాగా కిందికి జారుతూ, ఫోన్‌లో ఒకే చోట వేడి పుడుతుంటే లోపల షార్ట్ ఉంది. వెంటనే తీసేయండి, ఇక ఇంట్లో చేసేదేమీ లేదు.

మీటర్ లేదు. దానికి బదులు ఏం చేయొచ్చు?

మీ ఫోన్‌కి వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంటే ఆ ప్యాడ్ మీద అరగంట పెట్టండి. ఆ కరెంటు పోర్ట్ గుండా పోదు. ప్యాడ్ మీద లేచిందంటే తప్పు పోర్ట్‌దే, బ్యాటరీ, బోర్డు బాగానే ఉన్నట్టు.

లేదా కంప్యూటర్‌కి కేబుల్‌తో పెట్టండి. కొత్త పరికరం దొరికిందన్న చప్పుడు వస్తే లోపల ఎంతోకొంత పనిచేస్తోంది. విండోస్‌లో `Device Manager` తెరిచి చూసినప్పుడు ఈ పేరు కనిపిస్తే మాత్రం సంగతి వేరు:

```
Qualcomm HS-USB QDLoader 9008
```

అంటే ఫోన్‌కి కరెంటు అందుతోంది, ప్రాసెసర్ కూడా లేచింది, కానీ ముందుకి నడవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ దానికి దొరకట్లేదు. పవర్, వాల్యూమ్ బటన్లతో బలవంతపు రీస్టార్ట్ ఒకసారి చేసి చూడండి. అప్పటికీ అదే పేరు వస్తే బ్యాటరీనీ పోర్ట్‌నీ మార్చి లాభం లేదు. రిపేర్ చేసేవారికి ఈ పేరు ఫోటో తీసి చూపిస్తే వాళ్ళకి బోలెడు సమయం కలిసొస్తుంది.

ఫోన్ నీళ్ళలో పడింది. బియ్యంలో పెట్టనా?

వద్దు. బియ్యం ఫోన్ లోపలి నీటిని లాగదు, పైగా పొడి పోర్ట్‌లోకి చేరుతుంది. ఆన్ చేయాలనీ, ఛార్జ్ పెట్టాలనీ ప్రయత్నించకుండా సిమ్ ట్రే బయటికి తీసి, పోర్ట్ కిందికి వచ్చేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. తర్వాత ఫ్యాను గాలికి పెట్టండి. హెయిర్ డ్రయర్ వద్దు. చాలా ఫోన్లలో సిమ్ ట్రే సందులో లోపలికి టార్చ్ వేసి చూస్తే చిన్న తెల్ల చుక్క కనిపిస్తుంది. అది ఎర్రబడితే నీళ్ళు లోపలిదాకా వెళ్ళాయి. అప్పుడు ఆరడం కోసం రోజుల తరబడి ఆగకండి. తడి కంటే దాని వెనక వచ్చే తుప్పు చేసే నష్టమే ఎక్కువ, త్వరగా విప్పి శుభ్రం చేయించాలి. ఉప్పునీళ్ళయితే మరీ తొందరగా.

బ్యాటరీకి నేరుగా వైర్లు తగిలించి లేపే వీడియోలు చూశాను. ప్రయత్నించనా?

వద్దండి. మరీ లోతుకి పడిపోయిన బ్యాటరీని దాని రక్షణ సర్క్యూట్ కావాలనే మూసేస్తుంది. దాన్ని దాటించి బలవంతంగా కరెంటు ఎక్కిస్తే ఈ రోజు లేచినా, మరో రోజు ఛార్జింగ్‌లో ఉండగా వేడెక్కి ఉబ్బొచ్చు. అలాంటి దానికి కొత్త బ్యాటరీ వేయడమే దారి.

ఇవన్నీ చేశాను, ఫలితం లేదు. రిపేర్‌కి ఇచ్చేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

సిమ్, మెమరీ కార్డు తీసి దగ్గర పెట్టుకోండి. ఐఎంఈఐ నంబరు ఫోన్ కొన్న డబ్బా మీద ఉంటుంది, రాసుకోండి. వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్ళండి, బయట విప్పించాక వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

"ఆన్ కావట్లేదు" అని ఒక్క ముక్క చెప్పి ఇచ్చేయకండి. చివరిసారి ఎప్పుడు, ఎంత ఛార్జ్ ఉండగా ఆగింది, అంతకుముందు పడిందా తడిసిందా, ఏ కేబుల్స్ పెట్టి చూశారు, ఎంతసేపు ఉంచారు, మీటర్ ఏం చూపించింది, ఇవన్నీ చెప్పండి. పడిన సంగతి దాచిపెట్టే వాళ్ళు చాలామంది. దానివల్ల వెతుకులాట పెరిగి బిల్లు కూడా పెరుగుతుంది.

లోపలి ఫోటోలు ముఖ్యమైతే ఆ మాట మొదటే, రసీదు మీద రాయించి మరీ చెప్పండి. ఇప్పటి ఫోన్లలో మెమరీ తాళం వేసినట్టు ఉంటుంది, దాని తాళంచెవి అదే బోర్డులోని ప్రాసెసర్‌లో ఉంటుంది. బోర్డు మార్చేస్తే ఫోన్ వస్తుంది గానీ ఫోటోలు రావు. పాత బోర్డునే బాగుచేయాలి, అది అందరూ చేసే పని కాదు.

నేరుగా "బోర్డు పోయింది" అంటే, పవర్ సప్లై మీద పెట్టి చూశారా అని అడగండి. బ్యాటరీ తీసేసి, దాని స్థానంలో బెంచ్ మీది పవర్ సప్లైని కలుపుతాం. బటన్ నొక్కకముందే కరెంటు లాగుతుంటే ఎక్కడో షార్ట్. నొక్కాక కూడా సున్నానే అంటే బటన్ అయినా, పవర్ చిప్ అయినా కావచ్చు. నొక్కాక అంకె పైకీ కిందికీ ఆడుతూ మామూలుగా లేస్తే బోర్డు బాగుంది, తప్పు బ్యాటరీదో ఛార్జింగ్ పోర్ట్‌దో. ఐదు నిమిషాల పని, మీ ఎదురుగానే చూపించొచ్చు.

ఇంట్లోనే లేచింది! ఇక మామూలుగా వాడుకోవచ్చా?

ముందు బ్యాకప్ తీసుకోండి, తర్వాతే మిగతా పనులు. 100 శాతం దాకా ఎక్కించి, ఆ రోజంతా గమనించండి. 30 శాతం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయినా, శాతం మెట్లు దూకినట్టు దిగినా, ఛార్జింగ్‌లో మునుపటికంటే వేడెక్కినా బ్యాటరీ మార్పించండి. పోర్ట్‌లో నూలు తీశాక లేచిన ఫోనైతే సాధారణంగా అలాంటివేమీ కనిపించవు. మా పెద్దమ్మ ఫోన్ ఇంకా నడుస్తూనే ఉంది, ఫోటోలన్నీ తీసుకున్నాక దాన్ని అలారానికి వాడుకుంటోంది.